మామ పద్యంలో ఒరం

మా మామ పద్యాలు రాస్తాడంటే అత్త ఒప్పుకునేది కాదు. "రాస్తడా? గీకుతడు" అనేది. ఆత్మకూరు పక్కన మామకు కొంత చెలక, చెరువు కింద కొంత మడి ఉండేవి. నాగలి పట్టినంతసేపు ఆయన మంచి రైతు. గంటం పట్టినప్పుడు ఏమిటో చెప్పడం కష్టం. మెడలు విరిగే గణాలు, దారి తప్పిన యతులు ఉన్నా ఆపేవాడు కాదు. నేను ఆయన మేనల్లుణ్ణి. బడిలో చదివిందంతా ఉర్దూలో. తెలుగు ఇంట్లో విన్నదీ, మామ దగ్గర దిద్దుకున్నదీ. అయినా ఊళ్ళో నన్ను చదువుకున్నవాడి కిందే లెక్కవేసేవారు. పరేషానంతా అక్కడే మొదలైంది.

గద్వాలలో ఒక వకీలుగారు ఏటా తొలకరి రోజుల్లో తన ఇంటి పెద్ద హాలులో పద్యాల సభ పెట్టేవారు. హాలు మధ్య ఎర్ర చారల జంపఖానా పరిచేవారు. దాని మీద కవులు కూర్చునేవారు. మిగిలినవాళ్ళం స్తంభాల దగ్గర నిలబడేవాళ్ళం. కొత్తగా వచ్చినవాడు నిలబడి పద్యాలు చదవాలి. అవి నిలిస్తే వకీలుగారు "రండి, కూర్చోండి" అని జంపఖానా చూపిస్తారు. కిరీటమూ లేదు, కంకణమూ లేదు, కూర్చోవడమే సత్కారం. కాళ్ళు నొప్పులున్న మామకు అంతకంటే ఏం కావాలి?

ఒక ఏడు మామ అక్కడ నిలబడి, తాను అచ్చతెలుగులో ఆటవెలదులు రాశానని గట్టిగా చెప్పాడు. అచ్చతెలుగంటే సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్న తత్సమాలు ఒక్కటీ ఉండకూడదు. రూపం మారి తెలుగైపోయిన తద్భవాలు, మొదటినుంచీ మనవే అయిన దేశ్యాలు మాత్రమే ఉండాలి. మామ రెండో పాదంలోనే "బలము" అన్నాడు. జంపఖానా మీద ముందు వరుసలో ఒక పొడుగాటి పండితుడు వేలెత్తాడు. "బలము తత్సమము" అని వేలు దించాడు. అంతే, మామ మిగిలిన పద్యాలు మడిచి ధోవతి మొలలో దోపుకొని స్తంభం దగ్గరికి వచ్చేశాడు.

తిరుగుదారిలో, కృష్ణ దాటే పుట్టిలో కూర్చుని, ఆయన అన్న మాట ఒక్కటే. "మా ఎద్దులకు బలముంది. మరి అవి సంస్కృతం సదివినయా, అల్లుడా?"

"సదివితే నాగలి లాగయి గద, మామా" అన్నాను. ఆయన నవ్వలేదు. అంటే గాయం లోతుగానే తగిలిందన్నమాట.

మరుసటి ఏడు మళ్ళీ పోవాలని నిశ్చయించుకున్నాడు. వాన గురించి కొత్తగా ఐదు ఆటవెలదులు. ఒక్క తత్సమం కూడా మిగలకుండా ఏరడం నా పని. అయితే మాటను చూసి దాని పుట్టుక చెప్పే నిఘంటువు మా చుట్టుపట్ల ఒక్కటే ఉండేది. అది గద్వాలలో ఒక అయ్యవారి దగ్గర, పట్టుగుడ్డలో చుట్టి వ్యాసపీఠం మీద కూర్చునేది. దాన్ని ఇల్లు దాటనిచ్చేవారు కాదు. మనిషే దాని దగ్గరికి పోవాలి. సభకు రెండు వారాల ముందు మేమిద్దరం కృష్ణ దాటి ఆ అరుగెక్కాం.

అయ్యవారు చేతులు కడుక్కోమని చెప్పి, పుస్తకం విప్పి, మొదట గుర్తులు నేర్పారు. మాట పక్కన 'సం.' అని ఉంటే తత్సమం. 'వై.' అంటే వైకృతం, అంటే తద్భవం. దాని పక్కనే ఏ సంస్కృత పదం నుంచి వచ్చిందో ఉంటుంది. 'దే.' అంటే దేశ్యం.

"ఇంతేనా? అల్కగనే ఉందే" అన్నాడు మామ.

ఆ మాట అన్నందుకు ఆ పూటంతా అనుభవించాం. ఆకాశము 'సం.', పోయింది. ఆకసము 'వై.', ఉంది. భూమి పోయింది, నేల వచ్చింది. వర్షము పోయింది, వాన ఉంది. ఇవి ఊహించినవే. పక్షి పోయి పక్కి వచ్చింది, అదీ సరే. కానీ "జాతర" మనదే కదా అని చూస్తే 'వై.', యాత్ర నుంచి. "సంత" కూడా 'వై.', సంస్థ నుంచి. అత్త రోజూ పొయ్యిలో పెట్టే "అగ్గి" అగ్ని బిడ్డ. సంస్కృతం మా వంటింట్లో కట్టెపుల్లలు ఎగదోస్తూ కూర్చుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఇయి ఉండొచ్చునా మరి?" మామ అడిగాడు.

"ఉండొచ్చు నాయనా. రూపం మారింది గద. మారితే మనది."

"ఇంటికొచ్చిన కోడలు లెక్క" అన్నాడు మామ.

ఇక "నీరు" దగ్గర చిక్కుపడ్డాం. అది దేశ్యమని ఉంది. దాని పక్కనే "నీరము" అని మరో మాట, దానికి 'సం.'. అంటే నీరు తాగవచ్చు, నీరము తాగరాదు. మామ పద్యంలో "రోజు" అని కూడా ఉండింది. అది మాత్రం నేనే పట్టాను, ఉర్దూ బడి పుణ్యాన. అయ్యవారు అన్యదేశ్యం అన్నారు. "నాడు" అని మారిస్తే గణం సరిపోయింది కానీ అర్థం మారింది. మామ గణం వైపే మొగ్గాడు.

నా సోమరితనం చూసి అయ్యవారు కొన్ని అడ్డదారులు కూడా చెప్పారు. మాటలో ఖ, ఘ, ధ, భ వంటి ఒత్తక్షరాలుంటే అనుమానించాలి, అది చాలావరకు సంస్కృతమే. అరసున్న గానీ, బండి ర గానీ ఉంటే తత్సమం కాదు. హ్రస్వమైన ఎ, ఒ సంస్కృతంలో లేనే లేవు కాబట్టి, ఆ అచ్చులున్న మాట తత్సమం కాదు. అప్పుడు పుస్తకం తెరవాల్సిన పనే లేదు.

"అయితే 'బలము'ల ఒత్తు లేదు గద, అదెట్ల దొరికింది?" మామకు ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"ఒత్తుంటే అనుమానించమన్న. లేకుంటే వదలమనలేదు" అన్నారు అయ్యవారు. నేను మాత్రం పోలీసుల పద్ధతి కూడా ఇంతే కదా అనుకున్నాను.

సాయంత్రానికి మామకు కొత్త చిక్కొకటి తోచింది. చివరి పద్యంలో ఊరి పేరు పెట్టాలట. ఆత్మకూరు. "ఆత్మ" చూశాం, 'సం.'. మా ఊరు సగం తత్సమం. ప్రాణానికి 'ఉసురు' దేశ్యం కాబట్టి "ఉసురూరు" అనమన్నాను. అత్త పుట్టిన అమరచింతను కూడా అదే చేత్తో "వేలుపుచింత" చేశాను. ఆ పేరు పెట్టి ఇంటికి పోతే అన్నం పెడుతుందా అని మామ చాలాసేపు ఆలోచించి, ఊరి పేర్లు రెండూ వదిలేశాడు.

సభ రోజు హాలు నిండింది. మామ ఉతికిన ధోవతి కట్టాడు. మెడలో ఉన్నది తలగుడ్డో కండువానో చెప్పలేను, మధ్యలో ఎక్కడో ఉంది. మొదటి పద్యం నిలిచింది. రెండోది నిలిచింది. పొడుగాటి పండితుడి వేలు మోకాలి మీదే ఉంది. నేను ఆ వేలును తప్ప వేరే దేన్నీ చూడలేదు. మూడో పద్యంలో వాన నీరు వచ్చి "ఒరము"ను తాకింది.

వేలు లేచింది.

ఒరం అంటే మావైపు మడి గట్టు. అందరికీ తెలిసిన మాట కాబట్టి దాన్ని వెదకాలనే మాకు తోచలేదు. ఇల్లు దాటని ఆ వ్యాసపీఠం మీది పుస్తకం, సభ కోసం ఆ ఒక్క రోజు అయ్యవారి చంకలో అక్కడికి వచ్చింది. తెరిచారు. 'ఒర' ఉంది, కత్తి పెట్టుకునేది. కింద మా ఒరం లేదు. పైనా లేదు.

"నిఘంటువున లేదు. సాధువు కాదు" అన్నారు పొడుగాటి పండితుడు.

మా అయ్యవారు ముందుకు జరిగారు. "తత్సమం మాత్రం కాదు గద. హ్రస్వమైన ఒకారముంది."

"తత్సమమని నేననలేదు. వరణము నుంచి వచ్చిన తద్భవం కావచ్చు."

"వరణం ప్రాకారం స్వామీ. కోటగోడకూ మడిగట్టుకూ చుట్టరికమెక్కడిది? ఇది దేశ్యం."

"దేశ్యమైతే పుస్తకంలో ఉండాలె. లేదు గనుక గ్రామ్యం. పద్యంలో చెల్లదు."

మామ నిలబడే ఉన్నాడు. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చాడు. నాకు అర్థమైనంత వరకు, తద్భవమైనా, దేశ్యమైనా మామ గెలిచినట్టే. గ్రామ్యమైతే మళ్ళీ స్తంభమే. ఆ సంగతి గొంతు తగ్గించి చెప్పబోయాను. "కూర్చో బాబూ" అన్నారు ఇద్దరు పండితులూ ఒకేసారి. ఆ పూట వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే. కూర్చోవడానికి నాకు జంపఖానా కూడా లేదు.

చివరికి వకీలుగారు మామను అడిగారు. "మీ వైపు ఈ మాట ఎప్పటినుంచి ఉంది?"

"మా నాయిన అంటుండె" అన్నాడు మామ. "ఆయనకు ఎవరు చెప్పిన్రో నాకు తెల్వదు. ఇప్పుడడుగుదామంటే ఆయన లేడు."

"గట్టుకు, ఒరానికి తేడా ఏంది?"

"ఉంది, కానీ నిలబడి చెప్పరాదు. చూపాలె."

వకీలుగారు, "అయితే ఇట్లా వచ్చి కూర్చోండి" అన్నారు. అడిగినవారికీ, కూర్చున్నవారికీ ఆ మాటలో ఏమేం ఉందో అప్పుడు తట్టలేదు. మామ జంపఖానా మీద కూర్చుని, దాని అంచును పట్టి రెండు మడతలు లేపాడు. "గిది మడి. గిది ఒరం. నీళ్ళు ఇటు నిలుస్తయి. గట్టు మీద బండి పోతది, ఒరం మీద మనిషే కష్టంగ పోతడు." పండితుడు వంగి ఆ ఎర్ర చారల ఒరాన్ని వేలితో నొక్కి చూశారు. అయ్యవారు పుస్తకం అంచున కలంతో 'ఒరము' అని రాసి, అర్థం రాశారు. మధ్యలో 'వై.' రాయాలా 'దే.' రాయాలా అని ఖాళీ వదిలారు. వాదం మళ్ళీ మొదలైంది. ఆ సందడిలో మిగిలిన రెండు పద్యాలు ఎవరూ అడగలేదు. పలహారాలు వచ్చేసరికి మామ ఇంకా జంపఖానా మీదే ఉన్నాడు, మడత విప్పకుండా.

పుట్టిలో సన్నగా వాన మొదలైంది. చాలా దూరం వచ్చాక మామ అడిగాడు. "గెలిసినమా అల్లుడా, ఓడినమా?"

"అయ్యవారు ఖాళీ నింపితే తెలుస్తది, మామా."

"కూసున్న గద?"

"కూసున్నవు. అయితే కవిగనా, సాక్షిగనా అనేది ఇంకా తేలలేదు."

ఆయన అరచేతులతో మోకాళ్ళు రుద్దుకున్నాడు. "ఏదైతేంది. మెత్తగుంది" అన్నాడు.

ఇల్లు చేరేసరికి అత్త వాకిట్లో, చీర కుచ్చెళ్ళు ఎత్తి కట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో నిలబడి ఉంది. మామ కండువా సర్దుకుని, సంగతి చెప్పడానికి గొంతు సవరించాడు.

"పద్యం తర్వాత" అంది అత్త. "పొద్దుగాల్ల వానకు కింది మడి ఒరం తెగింది. పార తీస్కోని నడువు."

చీకటి పడకముందే ముగ్గురం మడిలో దిగాం. నీళ్ళు తెగినచోట సన్నగా చప్పుడు చేస్తూ పోతున్నాయి. మామ పారతో బురద కోస్తున్నాడు, నేను తట్టతో అందిస్తున్నాను, అత్త తొక్కి గట్టిపరుస్తోంది. నాకు నోరు ఊరుకోలేదు.

"మామా, ఇది తద్భవమంటవా, దేశ్యమంటవా?"

"మట్టి అందియి" అన్నాడు మామ.