కొట్టు ఎవరిదని అడగని కేసు

తీర్పు చదవడానికి మేజిస్ట్రేటుకు ఎక్కువసేపు పట్టలేదు. నిందితుడి మీద మోపిన నేరాలు అనుమానానికి తావులేకుండా రుజువు కాలేదని, అందువల్ల అతన్ని నిర్దోషిగా విడిచిపెడుతున్నామని హిందీలో చదివి, సంతకం చేసి, ఫైలు పక్కన పెట్టారు. బోనులో ఉన్న మనిషి చేతులు జోడించి బయటికి వచ్చాడు. వెనక బెంచీ మీద కూర్చున్న అతని వదిన మాత్రం లేచి, ఫైలు కడుతున్న గుమాస్తాను దాటుకుని ముందుకు వెళ్లింది.

"సాబ్, మరి నా కొట్టు?" అని అడిగింది.

మేజిస్ట్రేటు వయసులో చిన్నావిడ. కసురుకోలేదు. "అమ్మా, ఈ కేసులో కొట్టు ఎవరిదన్న ప్రశ్న లేదు. అతను నేరం చేశాడా లేదా అన్నదొక్కటే ఉంది. అది తేలలేదు" అని నిదానంగా చెప్పి, తర్వాతి కేసు పిలవమన్నారు.

పత్రిక పని మీద ఆ కోర్టుకు వెళ్లడం నాకు అలవాటు. ఆ రోజు వెళ్లింది మాత్రం పనికోసం కాదు. ఆమెది రాష్ట్రం సరిహద్దున, శబరి ఒడ్డున ఉన్న కుంట ఊళ్లో మా వీధే. ఆమె కొట్లో ఎండుచేపలు కొనని ఇల్లు మా బజారులో లేదు.

జిల్లా కోర్టు నుంచి కుంటకు తిరిగి రావాలంటే సాయంత్రం పూట వాహనాలు తక్కువ. చెట్టుకింద ఆగి ఉన్న జీపులో మరిది అప్పటికే ముందు సీట్లో కూర్చున్నాడు.

"రా వదినా, చోటున్నది. కేసు కోర్టుల, జీపు రోడ్డు మీద. దానికీ దీనికీ ఏంది?" అన్నాడు నవ్వుతూ.

"నీ పక్కన కూర్చుంటే చేపల వాసన నీకంటుతది. ఇప్పుడు నా కొట్ల సెల్లు కవర్లు అమ్మేటోడివి గదా, జాగ్రత్త" అని ఆమె వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. జీపులో వాళ్లు నవ్వారు. అడవి దారి మొదలయ్యాక ఆమె తల వంచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముందు సీట్లో మనిషి వెనక్కి తిరగలేదు.

ఆ కొట్టు కథ ఆమె మామగారి కాలం నుంచి చెప్పాలి. గోదావరి వైపు నుంచి శబరి దాటి వచ్చి, ఎండుచేపలు, ఉప్పు అమ్మి ఆయన స్థిరపడ్డాడు. చుట్టుపక్కల దోర్లా గిరిజనుల పల్లెల నుంచి వచ్చేవాళ్లు చింతపండు, ఇప్పపువ్వు తెచ్చి చేపలు పట్టుకెళ్లేవారు. ఆయన పోయాక ఇద్దరు కొడుకులూ వేరుపడ్డారు. మా వ్యాపారస్తుల కుటుంబాల్లో పంపకం కాగితం మీద జరిగేది తక్కువ. పెద్దమనుషులు ముగ్గురు నలుగురు కూర్చుంటారు. ఎవరికేది అన్నది తేలాక, తడిపిన సున్నంతో నేల మీద ఒక గీత గీస్తారు. అన్నదమ్ములు చెరో పక్క నిలబడి తాంబూలం తీసుకుంటే పంపకం అయిపోయినట్టే. రోడ్డు మీది కొట్టు, దాని వెనక గది పెద్దవాడికి. ఏటివైపు ఇల్లు చిన్నవాడికి. తల్లి చిన్నవాడి దగ్గర ఉంటుంది. ఆ రోజు అంతా సవ్యంగానే జరిగింది. పట్టా మాత్రం చనిపోయిన తండ్రి పేరునే ఉండిపోయింది.

పెద్దవాడు, అంటే ఆమె భర్త, జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. కర్మ అయ్యాక పుట్టింటివాళ్లు వచ్చి ఆడపిల్లను తీసుకెళ్లి తమ ఇంట ఒక రాత్రి నిద్ర చేయించడం ఆచారం. ఆమె కొట్టుకు, గదికి తాళం వేసి ఏరు దాటి పుట్టింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తలుపుకు వేరే తాళం ఉంది. చేపల బస్తాలు, వంట గిన్నెలు, పరుపు రోడ్డు పక్కన పడి ఉన్నాయి. ఇదేమిటని అడిగితే మరిది కర్ర ఎత్తాడు. గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్నాడు. ఆ పూట బజారంతా చూసింది.

ఆమె ఠాణాకు వెళ్లింది. అక్కడ రాతపని చూసే మున్షీ మొదట రాసుకోలేదు. "ఇంటి పంపకాల గొడవ ఇది, సివిల్ మామలా, మా పని కాదు. వకీలు దగ్గరికి పో" అన్నాడు. కర్ర సంగతి, బెదిరింపు సంగతి ఆమె గట్టిగా చెప్పాక ఎఫ్ఐఆర్ రాశారు: ఇంట్లోకి అక్రమంగా చొరబడడం, బెదిరించడం. నకలు చేతికొచ్చిన రోజు ఆమె ముఖంలో వెలుగు చూశాను. బజారు కూడా "కేసైంది, ఇంక కొట్టు ఇప్పిస్తరు" అనే అనుకుంది.

ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉంది కూడా. బలప్రయోగంతోనో బెదిరించో ఒకరిని ఖాళీ చేయించినట్టు తేలి శిక్షపడితే, ఆ స్థలాన్ని తిరిగి ఇప్పించే అధికారం క్రిమినల్ కోర్టుకు ఉంది. అయితే ముందు శిక్ష పడాలి.

కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద కూర్చునే ఒక వకీలు మొదట్లోనే ఆమెకు వేరే దారి చెప్పాడు. ఆయన జగదల్‌పూర్ మనిషి, హిందీలో మాట్లాడతాడు. "పోలీసు కేసు దాని దారిన అది నడుస్తుంది. నువ్వు సివిల్ దావా కూడా వెయ్యి. ఖాళీ చేయించిన ఆరు నెలల్లోపు వేస్తే, కొట్టు ఎవరిదో నిరూపించక్కర్లేదు. నువ్వు అందులో ఉన్నావా, చట్టప్రకారం కాకుండా నిన్ను వెళ్లగొట్టారా, ఇంతే చూస్తారు" అన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు. "ఒక గొడవకు రెండు కేసులేంది సార్? ముందు కోర్టు మీద నమ్మకం లేదని చెప్పినట్టు గాదా?" అంది.

అది ఆమె ఒక్కదాని మాట కాదు. మా దగ్గర ఒక తగువును ఒక పెద్దల దగ్గర పెట్టాక, అది తేలకముందే ఇంకో పెద్దల దగ్గరికి తీసుకెళ్లడం పెద్ద అవమానం కింద లెక్క. అలా చేసినవాళ్ల తగువు మళ్లీ ఎవరూ చేపట్టరు. ఆమె కోర్టును కూడా అదే మర్యాదతో చూసింది. బజారులో పెద్దలూ అదే మంచిదన్నారు. ఆరు నెలలు అలా గడిచిపోయాయి.

కేసు మొదలయ్యాక గాని ఆమెకు తన స్థానం ఏమిటో తెలియలేదు. ఫైలు మీద ఒక వైపు ప్రభుత్వం, ఇంకో వైపు మరిది. ఆమె పేరు సాక్షుల్లో మొదటిది. కేసు నడిపేది సర్కారీ వకీలు. ఎవరిని సాక్షిగా పిలవాలో పోలీసులు అప్పటికే రాసేశారు. ఆమె వాంగ్మూలం రోజున నేను అక్కడే ఉన్నాను. సున్నపు గీత గురించి మొదలుపెట్టగానే అవతలి వకీలు అడ్డం లేచాడు. ఆ రోజు తలుపు దగ్గర ఏం జరిగిందో అది మాత్రమే చెప్పమన్నారు. ఆమె చెప్పింది. తర్వాత బజారు సాక్షులు వచ్చారు. ఠాణాలో అన్నీ చూశామన్న ఇద్దరు, బోనెక్కాక అరుపులు విన్నామే గాని ఎవరో చూడలేదన్నారు.

బయట ఆమె ఒకణ్ని నిలదీసింది. "ఏంరా, నీ కండ్లు ఏటిల పోయినయా?"

"అక్కా, నువ్వు కోర్టుకు నెలకోసారి వస్తవు. నేను పొద్దుగాల లేస్తే ఆయన ఎదురుంగనే దుకాణం తీయాలె" అన్నాడు వాడు తల దించుకుని.

ఇక మిగిలింది ఆమె మాట, మరిది మాట. అది తన తండ్రి కొట్టేనని నమ్మి తాళం మార్చానని అతనన్నాడు. పట్టా తండ్రి పేరున ఉంది. అనుమానం నిలబడింది. అనుమానం నిలబడితే క్రిమినల్ కేసులో ఆ లాభం నిందితుడిది.

తీర్పు తర్వాత ఆమె చాలా రోజులు తాను ఉంటున్న అద్దె గదిలోంచి బయటికి రాలేదు. కొట్టు పోయినప్పటి నుంచి చేస్తున్నట్టే సంతలో బరకం పరచుకుని చేపలమ్మడం మళ్లీ మొదలుపెట్టాక, ఒకరోజు నన్ను పిలిచి, ఆ షెడ్డు వకీలు దగ్గరికి తోడు రమ్మంది. ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం ఉంటుంది కాబట్టి ఆయన్నే ఆమెకు కేటాయించారు.

"ఓడిపోయిన కేసు మళ్ల గెలుస్తమా?" అని అడిగింది.

"ఓడింది నువ్వు కాదమ్మా, ప్రభుత్వం. కావాలంటే దాని మీద అప్పీలు వేయొచ్చు. కానీ కొట్టు కావాలంటే సివిల్ దావానే" అన్నాడాయన. "ఇక్కడ వాదివి నువ్వే. ఎవరిని సాక్షిగా పిలవాలో నువ్వే చెప్పొచ్చు. అనుమానం లేకుండా నిరూపించక్కర్లేదు, ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో చూస్తారు. ఆ తీర్పు దీన్ని ఆపదు. కానీ అతనికి జైలు మాత్రం పడదు."

"జైలెందుకు నాకు? జైలుకు పోతే ఆ ముసలామెకు బువ్వెవరు పెడతరు?"

ఆయన అప్పుడు అసలు కష్టం చెప్పాడు. ఆరు నెలల సులువైన దారి మూసుకుపోయింది. హక్కు మీద దావా వేయడానికి ఇంకా గడువుంది గాని, ఇప్పుడు హక్కు నిరూపించాలి. పంపకం జరిగిందని రుజువైతే కొట్టు మొత్తం భర్తదే, అది ఆమెకూ అత్తగారికీ వస్తుంది. కాకపోతే వాళ్లిద్దరికీ భర్త వాటా మాత్రం వస్తుంది. అంత చిన్న కొట్టును ముక్కలు చేయలేరు. అమ్మి పంచుకోమంటారు.

"నాకప్పుడే చెప్పిన్రు మీరు" అందామె. "నేనే వినలే." ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

దావా వేశారు. తేలేదాకా కొట్టును అమ్మకూడదని, ఎవరికీ అప్పగించకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. మరిది అందులోనే ఉన్నాడు, వ్యాపారమూ చేసుకుంటున్నాడు. ఆ ఉత్తర్వు అతన్ని ఖాళీ చేయమనలేదు.

పంపకం చేసిన పెద్దమనుషుల్లో ఇప్పుడు ఎవరూ బతికి లేరు. మిగిలింది అత్తగారొక్కతే. ఆమె మంచం పట్టింది. చిన్నకొడుకు ఇంట్లో, అతను పెట్టే కూడు తింటోంది. ఒక మధ్యాహ్నం పరామర్శకు వెళితే, నేనడక్కుండానే అంది.

"ఆనాడు సున్నం తడిపిచ్చింది నేనే బిడ్డా. కొట్టు పెద్దోనిదని నా నోటితోనే అన్న. ఎవలొచ్చి అడిగినా గదే చెప్త. పోలీసోళ్లు గూడ నన్ను అడగలే."

గుమ్మంలో నిలబడ్డ కొడుకు, "అమ్మకు మతి తప్పింది, ఏదేదో అంటది" అన్నాడు.

"నీకు బువ్వ వొండి పెట్టినన్నాళ్లు మతి ఉన్నది. ఇప్పుడు తప్పిందా?" అందా ముసలామె. అతను లోపలికి వెళ్లిపోయాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని, పెద్దోడు సంత నుంచి వచ్చాడా అని అడిగింది.

మంచం మీదున్న సాక్షి కోర్టుకు రాలేకపోతే, కోర్టే తన తరఫున ఒక కమిషనర్‌ను ఇంటికి పంపి వాంగ్మూలం రాయించుకోవచ్చు. వకీలు దానికోసం దరఖాస్తు పెట్టాడు. జవాబివ్వడానికి అవతలివాళ్లు గడువు అడిగారు, ఇచ్చారు. మళ్లీ అడిగారు. ఒకసారి వకీళ్ల సమ్మె, ఒకసారి జడ్జి బదిలీ. అత్తగారు ఈమధ్య చాలా రోజులు ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఆ దరఖాస్తు మీద ఉత్తర్వు ఇంకా రాలేదు.