“దీనిని” అంటే తూము తలుపు

అమలాపురంలో కలెక్టరాఫీసు గోడ వారన మడతబల్ల వేసుకుని అర్జీలు రాసే ఝాన్సీగారు ఇరవై ఏళ్లు ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేరు. కరోనాలో యాజమాన్యం ఇంటికి పంపేసింది. అప్పట్నుంచీ ఈ బల్లే బతుకు.

జూన్‌లో ఒక సోమవారం మామిడికుదురు వైపు నుంచి సూర్యావతి వచ్చింది. ఎకరం కౌలుకి చేస్తుంది. నెల కిందట ఝాన్సీగారు రాసిచ్చిన అర్జీకి జవాబొచ్చిందని ఫోను చూపించింది. సమస్య పరిష్కరించబడినది. కింద ఫొటో: రోడ్డు గుంటల్లో ఎర్ర కంకర.

ఆమె అడిగింది రోడ్డు కాదు. రోడ్డు కింద తూముంది. దాని ఇనప తలుపు తుప్పుపట్టి ఊడిపోయింది. సముద్రం పోటు వచ్చినప్పుడల్లా మురుగు కాలువలోంచి ఉప్పునీరు చేలోకి ఎక్కుతోంది. ఒక ఆకుమడిలో నారంతా మాడిపోయింది. రెండోది పోసింది. పౌర్ణమి పోటుకి ఇంకా ఆరు రోజులు.

ఝాన్సీగారు ఆఫీసుని తిడుతూనే తన దగ్గరున్న నకలు తీసేరు. “మా చేల పక్క మురుగు కాలువ మీద రోడ్డు, రోడ్డు కింద తూము ఉన్నాయి. ఇది పాడై రెండేళ్లుగా ఇబ్బంది పడుతున్నాము. దీనిని వెంటనే బాగుచేయించగలరు.”

చదివి, తిట్టడం ఆపేరు.

“ఇది అంటే ఏదనుకున్నావమ్మా?”

“తూమేనండీ. అది కాక ఇంకేంటండీ?”

“రోడ్డు కావచ్చు. కాలువ కావచ్చు. తప్పు నాదే.”

ఒకే మాట పదేపదే రాయకూడదని పిల్లలకి నేర్పిన చెయ్యి. తూము అని మళ్లీ రాయడం దానికి నామోషీ అయింది. వచ్చిన అధికారైనా ఒక్క ఫోను చేసి ఏదమ్మా అని అడగొచ్చు. అడగలేదు. మూడింటిలో ఏది సులువో అదే ఆయనకి “దీనిని” అయింది. పేదవాళ్ల కాగితంలో సందు దొరికితే చాలు, పని అందులోంచి జారిపోతుంది.

కొత్త అర్జీలో ఇది, దీనిని ఎక్కడొచ్చినా కొట్టేసి తూము తలుపు అని రాసేరు. ఐదుసార్లు వచ్చింది. చదవడానికి బాగోలేదు. బాగోకపోతే పోనీ అనుకున్నారు.

లోపల కంప్యూటరు దగ్గర అర్జీలు తీసుకునే విజయ్ కుమార్ అర్జీ మొత్తం ఎక్కించడు. రెండు వరుసల్లో కుదించి కొడతాడు. పొలం దగ్గరికొచ్చే ఉద్యోగి చూసేది ఆ రెండు వరుసలే. ఈసారి సూర్యావతితో పాటు లోపలికెళ్లిన ఝాన్సీగారు వంగి తెర చూసేరు. కాలువ, రోడ్డు, తూము సమస్య, దీనిని బాగుచేయాలి.

“బాబూ, దీనిని తీసేసి పేరు రాయండి.”

“బయట అరవై మంది ఉన్నారండీ. అర్థమైపోద్దిలెండి.”

“ఎవరికండీ? మొన్న నాకూ అర్థమైంది. ఈమె నారు మాడిపోయింది.”

అతను విసుగ్గా కొట్టేడు: రోడ్డు కింది తూముకి కొత్త తలుపు పెట్టాలి. రోడ్డు పని కాదు.

రసీదు చేతికొచ్చింది. ఈసారి మాటలో అనుమానం లేదు. కింద గడువు మాత్రం పదిహేను రోజులుంది.

“ఆయ్, మంచిదండీ,” అంది సూర్యావతి. పౌర్ణమిలోగా తూముకి అడ్డం వెయ్యడానికి ఇసక నింపే ఖాళీ యూరియా సంచులు ఎక్కడ దొరుకుతాయని అడిగి, బస్టాండు వైపు వెళ్లిపోయింది.