ఎనభై రూపాయల వీధి

మా ఆయనకు కడుపు ఆపరేషను అయి నెల్లూరు నుంచి ఇంటికి వచ్చేనాటికి మాకు నాలుగు అప్పులున్నాయి. నేనప్పుడు ఇందుకూరుపేట వైపు ఒక పల్లెలో ప్రసవ కేంద్రంలో నర్సుగా పని చేస్తున్నాను. ఆయన కోవూరులో ఒక రైసు మిల్లులో తూకాలు చూసే గుమస్తా. మూటల దగ్గరికి ఇక పోవద్దని డాక్టరు చెప్పాడు. అంటే ఇంట్లో ఒక్క జీతం, అది నాది.

అందరికంటే తక్కువ ఇవ్వాల్సింది చిల్లర కొట్టు చెట్టికి. నలభై అయిదు రూపాయలు, వడ్డీ లేదు. తర్వాత పై వీధిలో గేదెలు పెట్టుకున్న ఒక అక్కకు ఎనభై. నూటికి నెలకు రూపాయి వడ్డీ. సహకార సంఘానికి మూడు నూర్లు, నూటికి అర్ధరూపాయి. ఇక కోవూరులో ఒక పెద్దమనిషికి ప్రోనోటు మీద అయిదు నూర్లు. ఆ చివరిదానికి నూటికి మూడు రూపాయలు. ఆపరేషను ముందు రోజు ఇంకెవరూ ఇవ్వకపోతే ఆయన ఇచ్చాడు. నోటు మీద నేనే సంతకం పెట్టాను.

తిండికీ అద్దెకూ మందులకూ పోగా నా జీతంలో నెలకు ముప్పై అయిదు మిగిలేది. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది ఆ ముప్పై అయిదులోనే తేలాలి.

నా భయమంతా చిన్న అప్పుల దగ్గరే ఉండేది. కొట్టుకు పోతే చెట్టి ముందు సరుకు కట్టి, కట్టిన పొట్లం చేతికివ్వకుండా పట్టుకుని మాట్లాడేవాడు. గేదెల అక్క అంతకంటే కష్టం. ఆమె చెడ్డ మనిషి కాదు. కాగితం లేకుండా, మా ఆయన ప్రాణం మీద జాలితో ఇచ్చింది. ఆ డబ్బు ఆమె దాణాకు దాచుకున్నది. అందుకే నేను కనిపించినప్పుడల్లా, ఎంతమంది ఉన్నా సరే, వీధిలో నిలబెట్టి అడిగేది. కాన్పు చెయ్యడానికి పోతున్న నర్సును, చేతిలో సంచితో, అప్పు అడుగుతుంటే పక్క ఇళ్లవాళ్లు వాకిళ్లలోకి వచ్చి చూసేవాళ్లు.

కోవూరు పెద్దమనిషి ఒక్కసారీ మా ఊరు రాలేదు. నెల మొదట్లో మేమే పోయి పదిహేను రూపాయలు ఇచ్చి వచ్చేవాళ్లం. మజ్జిగ ఇప్పించేవాడు. మా ఆయన ఆరోగ్యం అడిగేవాడు.

మంచం మీద ఆనుకుని కూర్చోగలిగిన మొదటి వారంలోనే మా ఆయన పలకా బలపం అడిగాడు. రెండు రోజులు లెక్కలు వేసి, మూడో రోజు మధ్యాహ్నం నేను అన్నం పెడుతుంటే చెప్పాడు.

"కోవూరాయనది ముందు తీర్చాల. నెలకు పదిహేను ఆయనకే వడ్డీ పోతా ఉండాది. తక్కినవాళ్లందరికీ కలిపి రెండు రూపాయల ముప్పై నయాపైసలే. ఆ రెండు ముప్పై మాత్రం వాళ్లకిచ్చి, మిగిలిందంతా ఆయన మీద పెడితే, రెండేళ్లు తిరక్కుండానే ఆ నోటు చినిగిపోతాది."

చిన్నవి ముందు తీరుద్దామని నేనన్నాను. కొట్టుది మూడో నెలలో పోతుంది, అక్కది ఏడో నెలకల్లా పోతుంది. ఒకటి తీరితే దానికిచ్చే డబ్బు తర్వాతదానికి కలుస్తుంది, అలా నాలుగూ దిగిపోతాయి. నాలుగు ముఖాలకు జవాబు చెప్పేదాన్ని ఇద్దరికి చెబితే చాలు కదా అని అడిగాను.

ఆయన పలక నా వైపు తిప్పాడు. నేనన్నట్టు చిన్నది మొదలుపెట్టి పెద్దదాకా వరసగా పోతే మూడున్నరేళ్లు. వడ్డీ ఎక్కువదాంతో మొదలుపెట్టి పోతే మూడేళ్లకు రెండు నెలలు తక్కువే. రెంటికీ తేడా ఎనిమిది నెలలు. నెలకు ముప్పై అయిదు చొప్పున దగ్గర దగ్గర రెండు నూర్ల ఎనభై రూపాయలు, ఊరికే వడ్డీకి పోతాయి. లెక్కలో తప్పు పట్టాలని నేను రెండుసార్లు చూశాను. ఆయన తూకాల మనిషి, తప్పు లేదు.

"అడిగేవాళ్లంటే నీకు భయం. నాకు అడగని ఆయనంటే భయం" అన్నాడు.

ఆయన చెప్పినట్టే మొదలుపెట్టాం. కోవూరుకు అసలు కింద ఇవ్వాల్సింది మాత్రం, ఆయన స్వయంగా పోయి నోటు మీద రాయించుకునేదాకా ఇంట్లోనే దాచాం. కొట్టుకు ఏమీ ఇవ్వలేదు. అక్కకు ఎనభై నయాపైసలు వడ్డీ పంపాను, అదీ పక్కింటామె చేత. ఆ నెల నుంచే నేను పై వీధి మానేశాను.

మా కేంద్రం నుంచి సముద్రం వైపు పల్లెలకు పోవాలంటే పై వీధే దారి. అది కాకపోతే కాలవ కట్ట పట్టుకుని చుట్టు తిరిగి పోవాలి, ముప్పావు గంట ఎక్కువ. మొదట్లో గర్భిణులను రోజువారీ చూడ్డానికి పోయేటప్పుడే కట్ట మీద పోయేదాన్ని. తొందర లేని పనులే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నెలాఖరుకు కట్ట దారి నాకు అలవాటైపోయింది.

రెండో నెలలో ఒక పొద్దున చేపలు పట్టేవాళ్ల పల్లె నుంచి ఒకతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. భార్యకు నొప్పులు, మూడో కాన్పు. ముందు రెండూ తేలిగ్గా అయినవే. అతన్ని ముందు పొమ్మని, సంచి సర్దుకుని బయలుదేరాను. పై వీధి మొదట్లోకి వచ్చేసరికి గేదెల అక్క వాకిట్లో నీళ్లు చల్లుతూ కనిపించింది. ఇంకా నన్ను చూడలేదు. నా కాళ్లు వాటంతట అవే కట్ట వైపు తిరిగాయి. మూడో కాన్పు, ఇంకా టైముంటుందిలే అనుకున్నాను. ఆ మాట అనుకున్నట్టు నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది.

నేను పోయేసరికి బిడ్డ పుట్టేశాడు. అత్త చేతుల్లో ఏడుస్తున్నాడు. మాయ కూడా పడిపోయింది. కానీ నెత్తురు ఆగడం లేదు. కింద పరిచిన పాత చీర తడిసి, దాని కింద ఇసుక తడిసింది. కాన్పయిన ఆ పిల్ల పెదాలు సున్నంలా ఉన్నాయి. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గర్భసంచి మెత్తగా, పట్టు లేకుండా ఉంది. ఒక చేత్తో గట్టిగా నలుపుతూ, రెండో చేత్తో సంచి విప్పి, మొగుడి చేత సూది గిన్నె అందించుకుని ఇంజెక్షను ఇచ్చాను. ఎంతసేపు నలిపానో తెలియదు. చెయ్యి తిమ్మిరెక్కినా తీయలేదు. చివరికి వేళ్ల కింద అది గుండ్రంగా గట్టిపడింది. నెత్తురు తగ్గింది. పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది.

అప్పుడు అత్త నా పక్కన కూర్చుని, కోపం లేకుండానే అడిగింది.

"వాడు తిరిగొచ్చి ఎంతసేపాయ నర్సమ్మా. నువ్వు యాడికి పోయినావు?"

ఇంకో కాన్పు దగ్గర ఉన్నానని చెప్పాను. ఆమె నమ్మి, నా చేతులకు నీళ్లు పోసింది.

ఇంటికి వచ్చి కడుక్కున్న చేతులే మళ్లీ కడుక్కున్నాను. ఆయన చూస్తున్నాడు. ఏమయిందని అడిగాడు. కట్ట దారిన పోయిందీ, అత్తకు చెప్పిన అబద్ధమూ అన్నీ చెప్పాను. ఆ పిల్ల చచ్చిపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కాన్పుల్లో ఆడవాళ్లు పోతూనే ఉంటారు, దేవుడి మీద వేసి ఊరుకునేవాళ్లు. నాకు మాత్రమే తెలిసేది. ఆ తెలియడంతో ఎలా బతికేదాన్ని?

 ఆయన పలక తీసుకుని, ఉన్నదంతా తుడిచి, మళ్లీ వేశాడు.

"చెట్టిదీ అక్కదీ ముందు తీర్చేద్దాం. దాచింది కూడా వాళ్లకే, మొదటి నుంచి లెక్కేస్తే ఏడు నెలలు. ఆ తర్వాత సంఘం దగ్గరికి పోకుండా నేరుగా కోవూరాయన మీద పడదాం. సంఘంది అర్ధరూపాయి వడ్డీ, అది చివర ఉన్నా ఏం కాదు. ఇట్ట పోతే మొత్తం మూడేళ్లు."

"మీ లెక్క కంటే రెండు నెలలు ఎక్కువ గదా" అన్నాను.

"రెండు నెలలు పోతే పోనీలే" అన్నాడు.

మూడో నెల చెట్టి పద్దు కొట్టేశాడు. అక్క అప్పు కొద్దికొద్దిగా తీరింది. నెల జీతం రాగానే నేనే పోయి ఆమె చేతిలో పెట్టేదాన్ని. చిత్రమేమంటే మొదటిసారి ఇచ్చిన రోజు నుంచే ఆమె వీధిలో అడగడం మానేసింది. అంతా తీరేవరకూ ఆగలేదు, డబ్బు కదులుతోందని తెలిస్తే చాలు ఆమెకు. అప్పటికీ ఆ వీధిలోకి తిరిగేటప్పుడు నా కళ్లు ముందు ఆమె వాకిటి వైపే పోయేవి. అయినా ఆ దారినే పోయాను.

ఎనిమిదో నెలలో కోవూరు పోయాం. పదిహేనుకు బదులు ముప్పై మూడున్నర పెద్దమనిషి ముందు పెట్టి, వడ్డీ పోగా మిగిలిన పద్దెనిమిదిన్నర అసలుకు జమ కట్టుకోమన్నాడు మా ఆయన. పెద్దమనిషి మజ్జిగ తెమ్మని కేక వేసి, నవ్వుతూనే అన్నాడు.

"వడ్డీ సక్రమంగా ఇస్తా ఉండారు. అసలుకు ఏం తొందర నాయనా? ఒంట్లో బాగలేని మనిషివి. ఆ డబ్బు పెట్టి పాలు తాగు."

మా ఆయన భయం ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఈ మనిషికి మా అయిదు నూర్లు తిరిగి రావడం అక్కర్లేదు. నేను ఉద్యోగం చేసినంతకాలం నెలకు పదిహేను వస్తే చాలు. ఒక్క నెల తప్పితే మాత్రం ఆ నోటు కోర్టుకు పోతుంది, కాగితం నా ఆఫీసుకు వస్తుంది. ఇన్నాళ్లూ ఆయన ఇంట మజ్జిగ తాగి, మంచివాడనుకుంటూ వచ్చాను.

మా ఆయన గొంతు సన్నగానే ఉంది. నోటు వెనక చెల్లు వేసి సంతకం పెట్టమన్నాడు. పెద్దమనిషి పుస్తకంలో రాసుకుంటానన్నాడు. పుస్తకంలో రాసినా సరే, నోటు వెనక కూడా రాయండి అని మా ఆయన కూర్చున్నచోటి నుంచి లేవలేదు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను, పోదామని. లేవలేదు. చివరికి పెద్దమనిషి పెట్టె తెరిచి, నోటు తీసి వెనక రాశాడు. మరుసటి నెల వడ్డీ పదిహేను నుంచి పద్నాలుగున్నరకు దిగింది. దిగింది అర్ధరూపాయే అయినా, బస్సులో ఆయన దాన్ని గురించే మాట్లాడాడు.

నెలనెలా అలా పోయాం. తర్వాత ఆయనకు చిన్న రాతపని దొరికింది. ఆ డబ్బు మందులకూ పెరిగిన ధరలకూ సరిపోయేది. అందుకని ముప్పై అయిదు ముప్పై అయిదుగానే ఉండిపోయింది. ఒక వానాకాలం నాకు పది రోజులు జ్వరం వచ్చింది. లేచి నిలబడలేని ఒంటితో జీతం తెచ్చుకోవడానికి పోయాను, నెల తప్పుతుందేమోనని. మూడో ఏడు నడుస్తుండగా నోటు మా చేతికొచ్చింది. ఆ రోజూ మజ్జిగ ఇచ్చారు. మా ఆయన తాగలేదు. నేను తాగాను, వద్దనడానికి భయపడి.

సంఘం అప్పు తొమ్మిది నెలల్లో తీరింది. మొత్తం మూడేళ్లే పట్టింది.

ఆ మరుసటి నెల జీతంలో ముప్పై అయిదు రూపాయలు మిగిలాయి. ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. ఎవరో వచ్చి అడుగుతారన్నట్టు వాటిని గుడ్డలో కట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. ఆ తర్వాతి నెల మరో ముప్పై అయిదు అందులోనే పెట్టాను. మూడో నెలలో ఆ డబ్బు ఏం చేద్దామని ఆయన అడిగితే, ఇంకో నెల ఆగుదామన్నాను.