తేదీ సవరణ

మా స్టాఫ్ రూములో క్యాలెండరు పేజీ తిప్పే ఆచారం లేదు. నెల మారినా పాత పేజీయే వేలాడుతుంటుంది, దాని అంచున ఎవరో పాలవాడి లెక్క రాసుకున్నారట.

నాకు మార్కాపురం కోర్టులో సాక్ష్యం ఉంది, వచ్చే గురువారం. గోడమీది గురువారం చూసి స్కూలు గ్రూపులో పెట్టాను: ‘పద్నాలుగున సొంత పనిమీద సెలవు కావలెను.’ పోయిన నెల గురువారం అది. అసలు తేదీ పన్నెండు.

కేసు మా చిన్నాయనది. పుల్లలచెరువు దగ్గర మా ఊళ్లో మేకలు కందిచేలో పడ్డాయని మాటామాటా పెరిగి, మేకలాయన గొడ్డలి తిప్పినాడు. చిన్నాయన తల రెండుగా చీలింది. నేను పదడుగుల దూరంలో ఉన్నాను. తువ్వాలు అదిమిపెడితే నా వేళ్ల మధ్య నుంచి వెచ్చగా కారింది. మనిషి బతికాడు గానీ ఇప్పటికీ నన్ను గుర్తుపట్టడు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మేకలాయనకు మా డ్రిల్లు సారు స్వయానా బావ. నా మెసేజ్ చూసి ఆయన మొహం విప్పారింది.

“పద్నాలుగునా సార్? మంచి పని జేసినారు. పన్నెండున మార్కాపురం రోడ్డు మంచిది గాదు.”

పొరపాటు నన్ను కాపాడుతోందని అప్పుడర్థమైంది. అలాగని పన్నెండున చెప్పకుండా పోతే గైర్హాజరు. అందుకే పదకొండు సాయంత్రం, అందరూ ఇళ్లకు పోయాక, హెడ్మాస్టరు గారికి ఒక్కరికే పంపాను: ‘పద్నాలుగును పన్నెండుగా చదువుకోగలరు.’ కారణం రాయలేదు. రాస్తే గుచ్చి అడుగుతారని.

ఆయన క్రమశిక్షణ గల మనిషి. అయిదు నిమిషాల్లో గ్రూపులో పెట్టారు: ‘గమనిక. తెలుగు సారు సెలవు పద్నాలుగు కాదు, పన్నెండు. పీరియడ్లు సర్దుకోగలరు.’ దానికింద మొదటి బొటనవేలి గుర్తు డ్రిల్లు సారుదే.

తెల్లారి బస్సుకోసం రోడ్డెక్కితే ఇద్దరు బండి దిగారు. పలకరింపులేమీ జరగలేదు. మొదటి కట్టె మోకాలిమీద, రెండోది అడ్డం పెట్టిన ఎడమచేతిమీద. ఎముక విరిగిన చప్పుడు ఎండుకందికట్టె చప్పుడు కంటే పెద్దదేం కాదు. కింద పడ్డాక డొక్కలో తన్నారు, ఓపికగా, వంతులవారీగా. బస్సు హారన్ వినబడితే పోయారు.

కండక్టరు ఎక్కించుకున్నాడు. రక్తం సీటుకు అంటకుండా చూసుకోమన్నాడు.

కోర్టు వరండాలో చిన్నమ్మ కూర్చుని ఉంది. వేలాడుతున్న నా చెయ్యి చూసింది, చొక్కా చూసింది. లోపల బంట్రోతు నా పేరు పిలుస్తున్నాడు. ముందు ఆసుపత్రికి పోయి వస్తానన్నాను.

“చెయ్యే గదరా ఇరిగింది,” అంది చిన్నమ్మ. “నోరు బాగనే ఉందిగా.”