అంచు మాడిన కేకు

నరసరావుపేటలో హైమావతికి నచ్చిన బేకరీ ఒక్కటీ లేదు. బస్టాండు దగ్గరిది డాల్డా నురుగు అనేది. పల్నాడు రోడ్డులోది రంగు పూసిన పీచు అనేది. పుట్టినరోజు పిలుపులకు వెళ్తే ప్లేటులో పెట్టిన ముక్కను చెంచాతో ఒకసారి నొక్కి చూసి, తినకుండానే పక్కన పెట్టేది. పెట్టినవాళ్ళు చూస్తున్నారని తెలిసి మరీ పెట్టేది.

ఆమెకు ఆ పొగరు రావడానికి కారణం ఉంది. చిన్నప్పుడు రెంటచింతలలో హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ వంటగది చూసే సిస్టరమ్మ క్రిస్మస్‌కి కేకులు కాల్చేది. మిగతా పిల్లలు కేకు కోసం తిరిగితే, హైమావతి పొయ్యి కోసం తిరిగింది. వెన్న, చక్కెర ఎంతసేపు గిలకొట్టాలో, పిండి కలిపాక చేయి ఎక్కడ ఆపాలో అక్కడే నేర్చుకుంది. పెళ్ళయి పేటకు వచ్చాక ఒక చిన్న ఓవెన్, తెల్లటి అల్యూమినియం టిన్నులు కొనుక్కుంది. భర్త ప్రభాకరరావుకు ఎరువుల కొట్టు ఉంది. భార్య కేకు గురించి ఆయన అభిప్రాయం ఎప్పుడూ ఒక్కటే: బాగుంది. కాలినా బాగుంది, కాలకపోయినా బాగుంది. అందుకే ఆయన్ని అడగడం ఎప్పుడో మానేసింది.

ఇంట్లోంచే కేకులు అమ్మేది. అడిగినవాళ్ళందరికీ ఇచ్చేది కాదు. "మీ ఇంట్లో క్రీమే తింటారుగా, కేకెందుకు? బజార్లో తెచ్చుకోండి" అని ముఖం మీదే చెప్పేది. అలా చెప్పేకొద్దీ ఆమె కేకుకు పేరు పెరిగింది. మనుషులు ఇంతే అని ఆమె నవ్వుకునేది.

పాత ఓవెన్ ఒకరోజు కాలిపోయింది. ప్రభాకరరావు దానికి రెండింతలుండే కొత్తది తెచ్చాడు. లోపల పైన రెండు వేడెక్కే రాడ్లు, కింద రెండు రాడ్లు. దాంతోపాటు నల్లటి నాన్‌స్టిక్ టిన్నులు కూడా వచ్చాయి. నిగనిగలాడుతున్నాయి, పిండి అంటుకోదు, కడగడం తేలిక. హైమావతి పాత తెల్ల టిన్నులను అటక మీద పడేసింది.

ఆ వారమే బసవపున్నయ్య పుట్టినరోజు కేకు ఆర్డరొచ్చింది. కారంపూడి మాజీ సర్పంచి ఆయన. అడగడానికి వచ్చింది ఆయన వెనక తిరిగే యల్లమంద అనే కార్యకర్త. తెల్ల చొక్కా, జేబులో నాయకుడి బొమ్మ.

"పెద్దది కావాలమ్మా. స్టేజీ మీద కనపడాల."

"తినడానికా, కనపడటానికా?"

"ఫోటోలకమ్మా. ఆ తర్వాత అన్న మొహానికి పూస్తారు కుర్రాళ్ళు."

హైమావతికి ఒళ్ళు మండింది. అయినా ఒప్పుకుంది. మొహానికి పూసుకునేవాళ్ళకు కూడా తన కేకు ఎలా ఉంటుందో తెలియనీ అనుకుంది.

ఆ పొద్దున పిండి ఎప్పటిలాగే బాగా కుదిరింది. పాత ఓవెన్‌లో పెట్టినట్టే నూట ఎనభై డిగ్రీలు పెట్టి, నల్ల టిన్నును పై అరలో ఎక్కించింది. పాత ఓవెన్‌లో ఉన్నది ఒక్కటే అర కాబట్టి అర గురించి ఆలోచించే అలవాటు ఆమెకు లేదు. కొత్తదాంట్లో ఆ పై అర రాడ్లకు జానెడు దూరం కూడా లేదు. కాసేపటికి అద్దంలోంచి చూస్తే పైభాగం అప్పుడే ఎర్రబడింది. పుల్ల గుచ్చితే లోపలి నుంచి పచ్చి పిండి కారుతూ వచ్చింది.

పక్కింటి ఫిర్దౌస్ అప్పుడే గుడ్ల ట్రే తిరిగి ఇవ్వడానికి వచ్చింది. ఆ పిల్ల కూడా కేకులు చేస్తుంది, గాజు గిన్నెల్లో. పొరలన్నీ బయటికి కనిపించేలా ఫోటోలు తీసి ఫోన్‌లో పెడుతుంది. హైమావతి దృష్టిలో అది వంట కాదు, బొమ్మలకొలువు.

"అక్కా, పై అరలో పెట్టారేంది? రాడ్డు నెత్తినే ఉంది. పైగా నల్ల టిన్ను. అది వేడి చానా లాగుద్ది. కింది అరకి దించి, వేడి కాస్త తగ్గించండి."

"గాజు గిన్నెలో పప్పు పెట్టుకునేదానివి, నువ్వు నాకు చెప్తన్నావా?" అంది హైమావతి.

ఫిర్దౌస్ ట్రే బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ మాట చెవిన పడ్డ ప్రభాకరరావు చపాతీలు చుట్టే ఫాయిలు తెచ్చాడు. "పైన మూసేస్తే మాడదుగా" అంటూ, భార్య వద్దనే లోపే ఓవెన్ తెరిచి కేకు మీద ఫాయిలు పరిచి అరచేత్తో అదిమాడు. పైపొర ఎర్రబడిందే కానీ ఇంకా గట్టిపడలేదు. చివరికి ఫాయిలు తీస్తే దాంతోపాటు కేకు తోలంతా ఊడి వచ్చింది. నడుమ ఉడికేదాకా ఉంచేసరికి చుట్టూ అంచులు అట్టలా బిగుసుకుపోయాయి. చేత్తో తడితే టకటకమన్నాయి.

మళ్ళీ చేయడానికి టైము లేదు. యల్లమంద ఆటో తీసుకుని వచ్చేశాడు. హైమావతి కత్తితో పైభాగం చదును చేసింది. అంచులు కోస్తే కేకు చిన్నదవుతుంది, స్టేజీ మీద కనపడదు. అందుకని అలాగే ఉంచి, మీద మందంగా క్రీమ్ పూసింది. తాను తిట్టే బేకరీలన్నీ చేసే పనే అది. చేస్తున్నంతసేపూ ఒక్కటే అనుకుంది: పూసుకునేవాళ్ళకు ఇదే ఎక్కువ.

కేకుతోపాటు ఆటోలో తనూ వెళ్ళింది. స్టేజీ, మైకు, టపాకాయలు. బసవపున్నయ్య కత్తి పెట్టీ పెట్టకముందే పదిమంది చేతులు కేకులో పడ్డాయి. ఆయన ముఖం, మెడ, కండువా అంతా క్రీమే. కొందరు తిన్నారు కూడా. యల్లమంద నోట్లో పెట్టుకుని "అంచు భలే కరకరలాడతా ఉందమ్మా, బిస్కెట్టు మాదిరి" అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు. హైమావతి వాళ్ళవంక చూసింది. గడ్డి పెట్టినా కరకరలాడతా ఉందనే మనుషులు. లోలోపల ఆమెకు కాస్త ఊరట కూడా కలిగింది.

స్టేజీ కింద కుర్చీలో బసవపున్నయ్య భార్య కోటేశ్వరమ్మ కూర్చుని ఉంది. పెద్ద బొట్టు, ముతక నేత చీర. ఆమె ప్లేటులో ముక్క ఒక్క కొరుకుతో ఆగిపోయి ఉంది. హైమావతిని దగ్గరికి రమ్మని తలాడించింది.

"ఏమే, నువ్వేనా కేకు చేసింది?"

"అవునండీ."

"అంచు మాడింది. పైన తోలు ఊడితే క్రీమ్‌తో కప్పావు. అంతేనా?"

హైమావతి కొంగు సర్దుకుంది.

"ఈ మందకేం తెలుస్తదిలే అని పంపావు. నిజమే, వీళ్ళకేం తెలవదు. కానీ నన్ను కూడా వీళ్ళలో కలిపావు చూడు, అది నాకు నచ్చలా."

గొంతు పెంచకుండా, పక్కవాళ్ళకు వినపడకుండా అంది. ప్లేటు కింద పెట్టి, వేళ్ళు తుడుచుకుని, మొహం స్టేజీ వైపు తిప్పేసుకుంది. తాను ఊళ్ళో ఎన్ని ప్లేట్లు అలా పక్కన పెట్టిందో హైమావతికి తెలుసు. తనది పక్కన పెట్టించుకోవడం ఎలా ఉంటుందో తెలియడం అదే మొదటిసారి. ఆటోలో ఇంటికి తిరిగి వచ్చింది. "ఫంక్షన్ బాగా జరిగిందంటగా" అని ప్రభాకరరావు అంటే, "నీకు ఎప్పుడు బాగుండలేదు కనక" అంది.

మర్నాడు హైమావతి ఫిర్దౌస్ ఇంటి గడపలో నిలబడింది. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు.

"నీ గాజు గిన్నె ఒకటి ఇవ్వు."

"పప్పుకా అక్కా?" అంది ఫిర్దౌస్. గిన్నె మాత్రం తెచ్చింది, వెనకే తనూ వచ్చింది.

ఆ రోజంతా హైమావతి వంటగదిలో పొయ్యి ఆరలేదు. అటక మీది తెల్ల టిన్ను దిగింది. ఒకే పిండిని మూడు పాళ్ళు చేసి, ఒకదాని తర్వాత ఒకటి కింది అరలోనే, అదే నూట ఎనభైలో కాల్చారు. కింది అరకు దింపగానే పైభాగం త్వరగా ఎర్రబడటం తగ్గింది. తెల్ల టిన్నులో కేకు సమంగా పొంగింది. నల్ల టిన్నులో నడుమ ఉడికేలోపే అంచు ముదిరింది. నలుపు వేడిని లాక్కుని పిండికి అంటిస్తుందని కళ్ళముందే తేలింది. మళ్ళీ పిండి కలిపి, వేడి నూట అరవై అయిదుకు తగ్గించి కాలిస్తే అదే టిన్నులో అంచు మెత్తగా వచ్చింది.

గాజు గిన్నె ఇంకో రకం. మొదట్లో ఎంతసేపటికీ పిండిలో కదలిక లేదు.

"ఇది చచ్చిన గిన్నె" అంది హైమావతి.

"గాజు మెల్లగా వేడెక్కుద్ది అక్కా. ఎక్కాక మాత్రం వదలదు. తొందరపడి వేడి పెంచితే నడుమ పచ్చిగా ఉండంగానే అంచులు ఎండిపోతయి. నూట అరవై అయిదులోనే ఎక్కువసేపు ఉంచాల."

ఈసారి హైమావతి ఆ మాట వింది. అలాగే మరో వాయి పెట్టి అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. గిన్నె పక్కల్లోంచి కేకు అంచు రంగు మారడం కనిపిస్తోంది. ఫిర్దౌస్ గాజు ఎందుకు వాడుతుందో అప్పుడు అర్థమైంది. ఫోటోల కోసం ఒక్కటే కాదు. పైభాగం గట్టిపడి గోధుమ రంగుకు తిరగగానే హైమావతి ఫాయిలును గుడారంలా మడిచి, కేకుకు తగలకుండా, రాడ్లకు ఆనకుండా గిన్నె అంచులకు తగిలించింది. పక్కల నుంచి ఆవిరి పోయేలా వదులుగా ఉంచింది. పైరంగు అక్కడే ఆగింది. లోపల నిదానంగా ఉడికింది. పుల్లకు ఒకటి రెండు పొడి రవ్వలు అంటుకున్నప్పుడే దించేసింది. వేడి పట్టుకున్న గాజు బయటికి వచ్చాక కూడా కాసేపు కాలుస్తూనే ఉంటుంది. తడి బండ మీద పెట్టబోతుంటే ఫిర్దౌస్ చెయ్యి అడ్డం పెట్టింది, పగులుతుందని. చెక్కపలక మీద పెట్టారు.

వాళ్ళిద్దరూ ఆ కేకు ముట్టలేదు. క్రీమ్ పూయలేదు. చల్లారాక గిన్నెకు గుడ్డ కట్టి, మర్నాడు పొద్దున్నే హైమావతి కారంపూడి బస్సెక్కింది.

కోటేశ్వరమ్మ వసారాలో మిరపకాయలు తొడిమెలు తీయిస్తోంది. హైమావతిని చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. హైమావతే పీట లాక్కుని కూర్చుని, గుడ్డ విప్పి, ఒక ముక్క కోసి చేతికిచ్చింది.

కోటేశ్వరమ్మ ముందు అంచు కొరికింది. నమిలింది. తర్వాత నడుమ వేలితో నొక్కింది.

"ఇది తినొచ్చు" అంది. "మొన్నెందుకు అట్టా చేశావే?" అని అడిగింది.

"నల్ల టిన్ను, పై అర, మా ఆయన ఫాయిలు" అంది హైమావతి. "చెప్పినదాని మాట విననిది మాత్రం నేనే."

"మొగోళ్ళు ఓవెన్ తలుపు తియ్యగూడదు" అంది కోటేశ్వరమ్మ, రెండో ముక్క తనే కోసుకుంటూ.

లోపలి నుంచి బసవపున్నయ్య వచ్చి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "బాగుందే. కానీ మొన్నటిది ఇంకా బాగుంది, కరకరలాడతా" అన్నాడు, కండువా సర్దుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ముప్ఫై ఏళ్ళ నుంచి ఈ నాలిక్కి వండి పెడతన్నా" అంది కోటేశ్వరమ్మ.

ఆ తర్వాత నెలకో రెణ్ణెల్లకో హైమావతి కారంపూడి వెళ్ళేది, ఒక్కోసారి ఫిర్దౌస్‌ను కూడా తీసుకుని. వసారాలో కూర్చుని ముగ్గురూ ఊళ్ళో వాళ్ళ వంటలను తీరిగ్గా చీల్చి చెండాడేవాళ్ళు. ఎవరి కూరలో పులుపెక్కువో, ఎవరి అరిసె రాయో, ఎవరి కేకు పీచో. బయట గేటు దగ్గర యల్లమంద తన వంతు ముక్క కోసం నిలబడి ఉండేవాడు. హైమావతి అతనికి అంచు ముక్కే ఇచ్చేది.