షెడ్డులో ‘వదినగారు’ చేసిన పని

హనుమాన్ జంక్షన్‌లో కాశీరావుకు చేపల ప్యాకింగ్ షెడ్డు ఉండేది. ఆయన తమ్ముడి భార్య నాగమల్లేశ్వరి పెళ్లయిన ఏడాది నుంచీ అక్కడే పనిచేసింది. హమాలీలకూ, లారీ డ్రైవర్లకూ, చెరువు రైతులకూ ఆమె ‘వదినగారు’. అంతకుమించి ఆమెకు హోదా అంటూ ఏదీ లేదు.

మోకాళ్ల నొప్పులతో కాశీరావు షెడ్డు మూసేశాడు. నాగమల్లేశ్వరి వేరే పని వెతుక్కుంది. గుడివాడ దారిలోని రొయ్యల ఫ్యాక్టరీ వాళ్లు రెజ్యూమె అడిగితే, ఆమె కూతురు హేమ ‘జనరల్ మేనేజర్’ అని టైపు చేసింది. అది చూసి, హేమ కాలేజీలో పిల్లల్ని ఉద్యోగాలకు తయారుచేసే శాంభవి, నాగమల్లేశ్వరినే విజయవాడ రమ్మంది.

“రేటు ఎవరు ఖాయం చేసేవారండీ?”

“బావగారే.”

“మనుషుల్ని పెట్టుకోవడం?”

“అదీ ఆయనేనండీ.”

“అయితే జనరల్ మేనేజర్ అన్నది ఇంటర్వ్యూలో నిలబడదు. మీరేం చేసేవారు?”

“ఏముందండీ, అన్నీ చూసుకునేదాన్ని.”

“పొద్దున షెడ్డుకి రాగానే మొదట ఏం చూసేవారు?”

ఐసు, అంది నాగమల్లేశ్వరి. అక్కణ్ణుంచి మాట సాగింది. వచ్చే సరుకును బట్టి ఐసు చెప్పడం, లారీ కుదర్చడం, కాటా దగ్గర నిలబడటం, బిల్లులు రాయడం, కలకత్తా వ్యాపారితో ఫోనులో మాట్లాడటం. ఒకసారి ఒడిశాలో లారీ ఆగిపోతే, ఇక్కణ్ణుంచే అక్కడి ఐసు ఫ్యాక్టరీకి ఫోన్లు చేసి సరుకు పాడవకుండా కాపాడింది. డ్రైవర్లకు అన్నం కూడా వండేదాన్నంది.

“వంట వద్దులెండి. మిగతాదంతా రాద్దాం.”

స్క్రీను మీద అక్షరాలు పడుతుంటే ఆమె చూసింది. డిస్పాచ్, అకౌంట్స్ కోఆర్డినేటర్, కుటుంబ వ్యాపారం. లోడింగ్ ప్రణాళిక, రవాణా ఏర్పాటు, కొనుగోలుదారుల ఫిర్యాదుల పరిష్కారం. ఒక్క మాటా అబద్ధం కాదు. తను ఇంత పెద్ద పని చేసిందా?

“అనుభవ పత్రం ఇంటివాళ్లు రాసిస్తే కొందరు నమ్మరు. కలకత్తా వ్యాపారి నంబరు కూడా ఇవ్వండి, ఆయన్ని అడిగాకే,” అంది శాంభవి.

అనుభవ పత్రం మీద సంతకానికి వెళితే, కాశీరావు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

“ఇదంతా నువ్వే చేశావా మల్లేశ్వరీ?”

“మీరు చూస్తూనే ఉన్నారుగా బావగారూ.”

“చూశానమ్మా. ఇలా మాత్రం చూళ్లేదు.” సంతకం చేసి కాగితం ఆమె చేతికిచ్చాడు.

ఇంటర్వ్యూలో మేనేజరు ఉదయభాస్కర్, “ఇది మీ బావగారి షెడ్డే కదండీ?” అన్నాడు.

“అవునండీ. అందుకే కోఆర్డినేటర్ పక్కనే కుటుంబ వ్యాపారమని రాశాం.”

ఆయన కలకత్తాకు ఫోను చేశాడు. ఆమెను డిస్పాచ్ అసిస్టెంటుగా తీసుకున్నారు. కోఆర్డినేటర్ సంగతి ఏడాది పోయాక చూద్దామన్నారు. చేరిన రోజు, కోల్డ్ రూము తలుపు తెరుచుకుని తెల్లటి పొగ బయటికొస్తుంటే, పైకప్పు దాకా పేర్చిన పెట్టెల్ని చూస్తూ నాగమల్లేశ్వరి కాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత మొదటి లారీ నంబరు అడిగింది.