కంప్యూటర్లోకెక్కిన రేకుడబ్బా

ఆమెకు ఆఫీసులో పెట్టిన పేరు ఎందుకమ్మ. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో కొనుగోలు బిల్లులు చూసే గుమస్తా. కొనుగోలు ఆర్డరు, సరుకు ముట్టినట్టు స్టోర్స్ ఇచ్చిన చీటీ, సరఫరాదారు బిల్లు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి సరిచూడటం ఆమె పని. మూడింట్లో ఏది తేడా వచ్చినా ఊరుకునేది కాదు. ఎందుకు తగ్గింది, ఎందుకు ఆలస్యమైంది అని స్టోర్స్ దాకా వెళ్లి ప్రాణం తీసేది. మరి పేరు ఊరికే పెడతారా!

కామర్స్ చదివినవాళ్లకు లోకం రెండే దారులు చూపిస్తుంది. ఒకటి సీఏ, రెండోది బ్యాంకు. సీఏ రెండుసార్లు రాసింది, రెండుసార్లూ తన్నేసింది. బ్యాంకు పరీక్ష సంగతి అడగకపోవడమే మర్యాద. ఇంట్లో అక్క మొగుడు ప్రోగ్రామరు. సాఫ్ట్‌వేర్ మాటెత్తితే చాలు, మరదల్ని ఆటపట్టించేవాడు.

"కోడ్ రాయడం రానివాళ్లకి అక్కడేం పనుంది? నువ్వు నీ చీటీలు చూసుకో మరదలా."

అలాంటి రోజుల్లో ఫ్యాక్టరీలోకి ఈఆర్‌పీ వచ్చింది. కొనుగోలు, స్టోర్స్, తయారీ, అమ్మకం, ఖాతాలు అన్నీ ఒకే సిస్టంలో నడుస్తాయన్నారు. దాన్ని అమర్చడానికి వచ్చిన బృందానికి పెద్ద ఒక మేడం. ప్రతి విభాగం నుంచీ పని తెలిసిన మనిషినొకర్ని ఇమ్మంటే, ఖాతాల విభాగం వాళ్లు పీడా పోతుందని ఎందుకమ్మను అప్పగించారు. ఆ మేడం కూడా ఒకప్పుడు ఖర్చుల లెక్కలు చూసిన మనిషేనని, ఇప్పటికీ ఒక్క వరుస కోడ్ రాయదని తెలిసి ఈమె నోరు తెరిచింది. మరి మీరు చేసేదేమిటని అడగనే అడిగింది. కంపెనీలో పని ఎలా జరుగుతుందో అడిగి తెలుసుకోవడం, దాన్ని రాసి ఒప్పించడం, దానికి తగ్గట్టు సిస్టంలో అమరికలు చేయడం, పరీక్షించడం, వాడేవాళ్లకు నేర్పడం అని చెప్పింది మేడం. కోడ్ అవసరమైనచోట ఏం కావాలో వివరంగా రాసిస్తే ప్రోగ్రామర్లు రాస్తారట. ఫంక్షనల్ కన్సల్టెంట్ అంటే అదేనట.

ఆ రాత్రి ఆమెకు కడుపు నిండిపోయింది. తన చేతిలో ఉన్న విద్యకే ఇంత పెద్ద పేరుందని ఎవరూ చెప్పలేదు మరి!

ఏడాదిపాటు ఉదయాన్నే లేచి ఆ ఈఆర్‌పీలో ఖాతాల మాడ్యూలు, కొనుగోలు మాడ్యూలు అనే భాగాలు సాధన చేసింది. సర్టిఫికెట్ పరీక్ష గట్టెక్కింది. సర్టిఫికెట్ చూసి ఎవరూ హారతివ్వలేదు. తొమ్మిది కంపెనీలు అనుభవం లేదని పొమ్మన్నాయి. చివరికి మేడం ఉన్న కంపెనీలోనే ఇంటర్వ్యూకి పిలిచారు. సరుకొచ్చి బిల్లు రాకపోతే ఖాతాల్లో ఏం జరుగుతుందని అడిగారు. మిగతావాళ్లు ఏ తెర తెరిచి ఏ మీట నొక్కాలో గడగడా అప్పజెప్పారట. ఈమె మాత్రం సరుకు నిల్వ డెబిట్ అవుతుందని, బిల్లొచ్చేదాకా మధ్యలో ఒక ఖాతా క్రెడిట్‌లో నిలబడుతుందని, బిల్లు ఎక్కగానే అది చెల్లిపోతుందని, అది నెలల తరబడి చెల్లకపోతే ఎవర్ని వెళ్లి నిలదీయాలో కూడా చెప్పింది. ఉద్యోగం వచ్చింది. ఆర్నెల్లు మాత్రం పరిశీలన. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే మళ్లీ చీటీలే.

మొదటి పని కుర్చీలు, బల్లలు చేసే ఫ్యాక్టరీలో. స్టోర్స్ భాగం ఈమెది. స్టోర్స్ మేనేజరు చల్లని గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, స్క్రూలు కిలోల్లెక్కన కొంటామని, వాడకం మాత్రం సంఖ్యలో అని, కిలోకి నాలుగొందలు వస్తాయని చెప్పాడు. ఈమె రాసుకుంది. ఎందుకు అని అడగలేదు. కొత్త ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, మెళ్లో కార్డు, పెద్దమనిషి చెబుతుంటే ఎదురు అడగడమేమిటని మొహమాటపడింది. స్క్రూలన్నిటికీ కిలోకి నాలుగొందలని మార్పిడి పెట్టేసి, పప్పులో కాలేసింది.

ఐదో నెలలో వాడేవాళ్ల చేత పరీక్ష. స్టోర్‌కీపర్ అన్నీ నడిపి చూసి సంతకం పెడితేనే సిస్టం మొదలవుతుంది. ఆయన సంతకమే ఈమె ఉద్యోగానికీ సంతకం. నడుముకి తాళంగుత్తి వేలాడే పెద్దాయన, అందరికీ బాబాయే. యాభై కిలోల పొడుగు స్క్రూలు వచ్చినట్టు ఎక్కించాడు. తెర మీద ఇరవై వేలని చూపించింది. ఆయన తెరని చూశాడు, పక్కనున్న పెట్టెలని చూశాడు.

"ఎక్కడమ్మాయ్ ఇరవై వేలు? ఇవి ఎనిమిది వేలుంటే గొప్ప."

పొడుగువి కిలోకి నూట అరవై, చిన్నవి తొమ్మిదొందలట. ఇలాగే మొదలెట్టి ఉంటే ఇంకా పన్నెండు వేలున్నాయనుకుని సిస్టం కొత్తవి తెప్పించేది కాదు, బల్లలు కాళ్లు లేకుండా నిలబడేవి. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మేనేజరు చెప్పిన లెక్కే కదా అని తప్పించుకోవచ్చు. రాసిన కాగితం కూడా ఉంది. కానీ మేనేజరు ఏనాడైనా స్క్రూ పట్టుకున్నాడా? పట్టుకునే మనిషి ఈ ఐదు నెలలూ ఇక్కడే ఉన్నాడు.

"తప్పు నాదే బాబాయ్. మిమ్మల్ని అడగాల్సింది. ఇంతకీ మీరు స్క్రూలు ఎలా ఇస్తారు?"

ఆయన అరలోంచి సొట్టలు పడిన రేకుడబ్బా తీశాడు. ఇరవై రెండేళ్లుగా వర్క్‌షాపుకి స్క్రూలు దీంతోనే కొలిచి ఇస్తున్నాడట. రోజుకి నలభై మంది వస్తే ఒక్కొక్కటీ లెక్కపెడుతూ కూర్చుంటాడా? కిలోల్లో కొని, డబ్బాల్లో ఇచ్చి, సంఖ్యల్లో రాస్తున్నారన్నమాట. మధ్యలో ఈ డబ్బా సంగతి మేనేజరుకే తెలియదు.

మేడంకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. మేడం తిట్టలేదు. ఇది పరీక్ష కోసం పెట్టిన సిస్టమేనని, నిజంగా వాడబోయే దాంట్లోకి సరుకు వివరాలు ఇంకా ఎక్కించలేదు కాబట్టి బతికిపోయామని, ఒకసారి సరుకు కదలడం మొదలయ్యాక కొలతలు మార్చాలంటే తలప్రాణం తోకకొస్తుందని, మూడు రోజులు గడువిస్తానని అంది.

ఆ మూడు రోజులూ ఎందుకమ్మ లాప్‌టాప్ మూసి బాబాయ్‌తో కలిసి తరాజు ముందు కూర్చుంది. నలభై రెండు సైజులు. ప్రతిదాంట్లో వందేసి లెక్కపెట్టి తూచారు. డబ్బా నింపి అదీ లెక్కపెట్టారు. మొదటి రోజు ముభావంగా ఉన్న బాబాయ్ రెండో రోజుకి తన భోజనంలో సగం పెట్టాడు. మూడో రోజు ఈమె తప్పుగా లెక్కపెడితే వెక్కిరించాడు కూడా. ప్రతి సైజుకీ దాని మార్పిడి దానికే పెట్టి, దాంతోపాటు ఇంకో కొలత కూడా చేర్చింది.

మళ్లీ పరీక్ష. సరుకు వచ్చినట్టు ఎక్కించాడు. యాభై కిలోలు, ఎనిమిది వేలు. ఇప్పుడు వర్క్‌షాపుకి ఇచ్చే తెర. కొలత దగ్గర నొక్కితే జాబితా తెరుచుకుంది. కిలో, సంఖ్య, వాటి కింద డబ్బా. బాబాయ్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇది నా డబ్బాయేనా?"

"మీదే బాబాయ్. పొడుగువైతే డబ్బాకి తొంభై. మీరు రెండని కొట్టండి, నూట ఎనభై అదే తగ్గించుకుంటుంది."

కొట్టాడు. తగ్గింది. రేకుడబ్బాతో రెండుసార్లు తీసి తనూ లెక్కపెట్టాడు. ఒకటి ఎక్కువొచ్చింది. దానిదేముందిలే, నెలాఖరులో సరిచేద్దామని తనే అన్నాడు. సంతకం పెట్టి, అభిప్రాయం రాయాల్సిన గడిలో పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: డబ్బాతో సహా సరిపోయింది.

నెల తిరక్కుండా ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం వచ్చింది. ఆ కాగితం సంగతి పక్కనబెట్టి, బాబాయ్ సంతకం చేసిన కాగితం నకలు ఇంటికి తీసుకెళ్లి బావ చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పాడు.

"అంతా బానే ఉంది కానీ, ఈ డబ్బా ఏంటి?"

"అడిగావు చూడు, అదే బావా నా ఉద్యోగం" అంది ఎందుకమ్మ.